మీ జీడి ఫ్యాక్టరీ రిపోర్టులో ఆ 39 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మాది పలాస. నాన్నగారు చాలా ఏళ్లుగా చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నారు. ఇప్పుడు నేనూ మా బావా కలిసి ఏడాదికి 10,000 బస్తాల పిక్కలు ప్రాసెస్ చేసే కొత్త ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటున్నాం. షెడ్డు, మెషీన్లకు రెండున్నర కోట్లు, సరుకు కొనడానికి రెండు కోట్లు పెట్టాలి. ఎన్‌పీవీ 1.65 కోట్లు వస్తుందని కన్సల్టెంటు రిపోర్టు ఇచ్చారు. వెనక పేజీల్లో సెన్సిటివిటీ టేబుల్, మూడు సినారియోలు ఉన్నాయి. చివర్లో మాత్రం ‘సిమ్యులేషన్ ప్రకారం ఎన్‌పీవీ నెగటివ్ అయ్యే అవకాశం 39.1 శాతం’ అని ఉంది. ‘అంటే పదిలో నాలుగు వంతులు మునిగిపోతాం’ అని బావ వెనకాడుతున్నాడు. బ్యాంకుకి కిస్తీ, వడ్డీ కలిపి ఏడాదికి 70 లక్షలు కట్టాలి. ఆ 39ని నమ్మాలా? రిపోర్టు, ఎక్సెల్ షీటు జత చేస్తున్నాను.
— ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆ 39 చూసి ఫ్యాక్టరీ మానుకోకండి. అలాగని ఆ పేజీ చూడనట్టు ముందుకూ వెళ్లకండి. షీటు మొత్తం చూశాను. కూడికలు, హెచ్చవేతలు, పన్ను లెక్క అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా వచ్చింది పిక్కల ధరను, పప్పు ధరను సిమ్యులేషన్‌లో వాడిన తీరులో. అక్కడ రెండు సెట్టింగులు మారిస్తే ఇదే ఫ్యాక్టరీకి ఇదే ప్రశ్న అడిగినా జవాబు 39 నుంచి 3 దాకా ఎక్కడైనా తేలుతుంది. అదెలాగో చూసే ముందు మీ లెక్కను ఒక్క బస్తాకి కుదించి చూద్దాం. మీ నాన్నగారికి చెప్పాలన్నా ఇదే సులువు.

80 కిలోల బస్తా 10,000 రూపాయలకు కొంటున్నారు. దాన్నుంచి 22.5 కిలోల పప్పు దిగుతుంది. గుండు, బద్ద, ముక్క అన్నీ కలిపి సగటున కిలో 600 చొప్పున అమ్మితే 13,500 వస్తుంది. తొక్క మీద ఇంకో 400. బాయిలింగ్, కటింగ్, పీలింగ్ కూలీ, కరెంటు, ప్యాకింగ్ కలిపి ఖర్చు 2,200. చివరికి బస్తాకి 1,700 మిగులుతుంది. 10,000 బస్తాలకు కోటీ డెబ్భై లక్షలు. జీతాలు, ఇన్సూరెన్స్, రిపేర్లకు 35 లక్షలు, ఆపైన పన్ను తీసేస్తే ఏడాదికి చేతికొచ్చేది 107.5 లక్షలు. పదేళ్ల పాటు వచ్చే ఈ డబ్బును, చివర్లో సరుకు అమ్మగా తిరిగొచ్చే 2 కోట్లను 14 శాతం చొప్పున నేటి విలువకు తెచ్చి, నాలుగున్నర కోట్ల పెట్టుబడి తీసేస్తే 1.65 కోట్లు మిగులుతోంది. ఎన్‌పీవీ అంటే ఈ మిగిలినదే. మీ రిపోర్టు చెప్పేది ఇంతే.

ఇక సెన్సిటివిటీ టేబుల్. మీ కన్సల్టెంటు అన్నిటినీ ఒకే కొలతతో 10 శాతం పైకీ కిందికీ జరిపారు. పెట్టుబడి 10 శాతం, పప్పు ధర 10 శాతం, కూలీ 10 శాతం. చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది కానీ పెద్దగా ఏమీ చెప్పదు. దేనికది ఎంత జారితే ఎన్‌పీవీ సున్నాకి వస్తుందని అడిగితేనే టేబుల్ నోరు విప్పుతుంది. షీటులో ఒక్కో అంకెనూ మార్చుకుంటూ అది లెక్కకట్టాను. బస్తా మిగులు 1,700 నుంచి సుమారు 420 రూపాయలు తగ్గితే చాలు, 1.65 కోట్లూ హరించుకుపోతాయి. పప్పు ధరలో చూస్తే కిలోకి 19 రూపాయలు, అంటే 3 శాతం. పిక్కల ధరలో చూస్తే 4 శాతం. దిగుబడిలో చూస్తే బస్తాకి 700 గ్రాములు. ప్రాసెసింగ్ ఖర్చు మాత్రం 19 శాతం పెరిగినా తట్టుకుంటారు. 10,000 బస్తాలకు బదులు 7,500 బస్తాలే నడిచినా దాదాపు గట్టెక్కుతారు. షెడ్డు, మెషీన్ల ఖర్చయితే 75 శాతం పెరిగినా ఎన్‌పీవీ ఇంకా ప్లస్‌లోనే ఉంటుంది.

మీ ఇంట్లో చర్చలన్నీ మెషీన్ ఎక్కడ కొనాలి, షెడ్డు ఎంతలో కట్టాలి అనే దాని చుట్టూనే తిరుగుతుంటాయని నా అనుమానం. ఆ పేరాలోని అంకెలు చూశాక ఆ సమయం పిక్కల కొనుగోలు మీద పెట్టాలని తెలుస్తుంది. 700 గ్రాములంటే ఎంతో వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. మీ 22.5 కిలోలు పౌండ్లలో సుమారు 49న్నర. దిగుమతి సరుకు అమ్మేవాళ్లు బస్తాకి ఇన్ని పౌండ్ల అవుట్‌టర్న్ అని చెప్పే లెక్క ఇదే. 47 పౌండ్ల సరుకును ఇదే ధరకు కొంటే బస్తాకి సుమారు 1,200 గ్రాముల పప్పు తక్కువ దిగుతుంది. 700 రూపాయలు పోయినట్టే. అదే అలవాటుగా పదేళ్లు సాగితే ఎన్‌పీవీ మైనస్‌లోకి పోతుంది. లాట్ కొనేటప్పుడు నాలుగైదు బస్తాల నుంచి కాకుండా లాట్ అంతటా తీసిన శాంపిల్ మీద కటింగ్ టెస్ట్ చేయించడం ఈ ఫ్యాక్టరీకి కొత్త మెషీన్ కన్నా ఎక్కువ విలువైన పని.

టేబుల్‌లో అసలు కనిపించని అంశం ఇంకొకటి ఉంది. సరుకు కోసం పెట్టిన 2 కోట్లకు 2,000 బస్తాలు వస్తాయి. అది రెండున్నర నెలలకు కూడా చాలదు. ఉద్దానం పంట ఏప్రిల్, మే నెలల్లో వచ్చినప్పుడు కొని నిల్వ పెట్టుకోవడం మీ నాన్నగారి అలవాటైతే ఈ డబ్బు సరిపోదు. స్టాకులో 4 కోట్లు ఇరుక్కుంటే, పదేళ్ల తర్వాత ఆ డబ్బు తిరిగొచ్చినా సరే, ఎన్‌పీవీ 1.65 కోట్ల నుంచి సుమారు 19 లక్షలకు పడిపోతుంది. ధరలేవీ మారకుండానే. కన్సల్టెంటుని ముందు అడగాల్సింది ఇదే. ఏ నెలలో ఎన్ని బస్తాలు గోడౌన్‌లో ఉంటాయో నెలవారీగా వేయించండి.

ఇప్పుడు సినారియోల పేజీకి వద్దాం. ‘చెడ్డ పరిస్థితి’ అన్న కాలమ్‌లో పప్పు ధర 5 శాతం తగ్గింది, పిక్కల ధర 5 శాతం పెరిగింది. అదీ పదేళ్లూ అలాగే. ఎన్‌పీవీ మైనస్ 3 కోట్లు అని వచ్చింది. ‘మంచి పరిస్థితి’లో దీనికి పూర్తిగా ఉల్టా, ప్లస్ 6.2 కోట్లు. ఈ రెండూ జరిగే పనులు కావు. పప్పు ధర పడిపోయి పిక్కల ధర పెరిగితే పలాస, కాశీబుగ్గల్లో సగం ఫ్యాక్టరీలు కొనడం ఆపేస్తాయి. కొనేవాడు లేకపోతే పిక్కల ధర దానంతటదే దిగుతుంది. ఏదో ఒక సీజన్‌లో అలా జరగొచ్చు కానీ పదేళ్లు జరగదు. సినారియో అంటే అన్ని చెడ్డ అంకెల్నీ ఒక కాలమ్‌లో పోగెయ్యడం కాదు. ముందు ఒక సంఘటనను అనుకుని, దానివల్ల ఏ అంకె ఎటు కదులుతుందో రాసుకోవాలి.

ఒకటి చేసి చూపిస్తాను. ఆఫ్రికాలో పంట విరగకాసి ప్రపంచమంతా సరుకు ఎక్కువైందనుకుందాం. పప్పు ధర 12 శాతం పడింది, కిలో 528. మీ సెన్సిటివిటీ టేబుల్‌లో పప్పు ధర 10 శాతం తగ్గితేనే ఎన్‌పీవీ దాదాపు మైనస్ 4 కోట్లని ఉంది, దాన్ని బట్టి చూస్తే ఇక్కడ పని అయిపోయినట్టే. కానీ పిక్కలు ఎక్కువయ్యే కదా పప్పు ధర పడింది? పిక్కల ధర 15 శాతం తగ్గి బస్తా 8,500 అయిందనుకోండి. బస్తా మిగులు 1,580. ఎన్‌పీవీ ఇంకా 1.18 కోట్లు. మీ ఫ్యాక్టరీకి పప్పు ధరతో నేరుగా పేచీ లేదు, రెండు ధరల మధ్య ఎడంతోనే దాని బతుకంతా.

ఇంకో సంఘటన మీ ఊరివాళ్లకు నేను గుర్తుచేయాల్సిన పని లేదు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానం తోటలు ఎలా నేలకూలాయో చూసినవాళ్లే మీరు. అలాంటిది మళ్లీ వస్తే ఇక్కడి పిక్కల ధర పెరుగుతుంది, పప్పు ధర మాత్రం పెద్దగా కదలదు. ఉద్దానంలో తుఫాను వచ్చిందని బయటి మార్కెట్ పప్పుకు ఎక్కువ ఇవ్వదు కదా. పిక్కలు 6 శాతం పెరిగి, పప్పు 2 శాతమే పెరిగి, మీకు 8,000 బస్తాలే దొరికాయనుకుంటే ఏడాదికి చేతికొచ్చేది 107 లక్షల నుంచి 62 లక్షలకు దిగుతుంది. కొత్త జీడి మొక్కలు కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి ఈ దెబ్బ నాలుగేళ్లు ఉంటుందని వేశాను. మొదటి నాలుగేళ్లలోనే వస్తే ఎన్‌పీవీ 33 లక్షలకు జారుతుంది. ఐదో ఏట మొదలైతే 87 లక్షల దగ్గర ఆగుతుంది. తుఫాను అదే, నష్టమూ అంతే, వచ్చిన ఏడాదిని బట్టి విలువ మారింది. పదేళ్లకూ ఒకే అంకె పెట్టిన మీ సినారియో పేజీలో ఇది కనిపించే వీలే లేదు.

ఇక అసలు ప్రశ్న, సిమ్యులేషన్. షీటులో ఏం జరుగుతోందంటే, కంప్యూటర్ ఒక పప్పు ధర, ఒక పిక్కల ధర, ఒక దిగుబడి పేక ముక్కలు తీసినట్టు తీస్తుంది, ఎన్‌పీవీ కడుతుంది, ఇలా 10,000 సార్లు. పప్పు ధర సగటు 600, అటూ ఇటూ ఊగేది 48. పిక్కలు సగటు 10,000, ఊగేది 1,000. దిగుబడి ఊగేది 600 గ్రాములు. ఈ అంకెలతో నాకు పెద్దగా తగాదా లేదు. తగాదా రెండు చోట్ల ఉంది. ఒకటి, పప్పు ధరకీ పిక్కల ధరకీ సంబంధమే లేనట్టు విడివిడిగా తీశారు. దాంతో పప్పు చవకగా, పిక్కలు ఖరీదుగా ఉన్న పేకలు బోలెడు పడ్డాయి. రెండు, ఒకసారి తీసిన ధరనే పదేళ్లకూ అతికించారు. మొదటి పేక చెడ్డదైతే పదేళ్లూ చెడ్డదే.

ఈ రెండు సెట్టింగులే మారుస్తూ మళ్లీ కట్టి చూశాను. సగటులు, ఊగులాటలు ఏవీ ముట్టుకోలేదు. ఉన్నదున్నట్టు ఉంచితే 39 శాతం. రెండు ధరలూ 0.85 కోరిలేషన్‌తో కలిసి కదులుతాయని చెప్పి, పదేళ్లకూ ఒకే పేక అలాగే ఉంచితే 27. సంబంధం లేదనే ఉంచి, ఏ ఏటికా ఏడు కొత్త పేక తీస్తే 20 చుట్టుపక్కల. ధరలు కలిసి కదులుతూ, ఏటా కొత్త పేక కూడా తీస్తే 3 శాతం చిల్లర.

ఆ చివరి 3 చూసి సంబరపడకండి, 39 ఎంత తప్పో అదీ అంతే తప్పు. ఏటా కొత్త పేక తీస్తే మంచేళ్లూ చెడ్డేళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని రిస్కు మాయమైపోతుంది. నిజంగా జరిగేది అలా ఉండదు. మీ ఊళ్లో ఇంకో ఇరవై మెషీన్లు దిగి పిక్కలకు పోటీ పెరిగితే మిగులు ఒక ఏడాదికి కాదు, చాలా ఏళ్లకు తగ్గుతుంది. పీలింగ్‌కి మనుషులు దొరక్కపోయినా అంతే. తుఫానులు, ఆఫ్రికా పంటలు మాత్రం వచ్చిపోతుంటాయి. అందుకని ఊగులాటలో సగం భాగం పదేళ్లూ అంటుకుని ఉండేది, సగం ఆ ఏటితో పోయేది అని పెట్టి చూశాను. నెగటివ్ అయ్యే అవకాశం 20 శాతం దగ్గర వచ్చింది. నన్నడిగితే మీ ఫ్యాక్టరీకి న్యాయమైన అంకె ఈ చుట్టుపక్కలే ఉంటుంది. 20 కావచ్చు, 25 కావచ్చు. ‘39.1’లో ఆ చుక్క తర్వాతి 1కి విలువేమీ లేదు. 10,000 సార్లు తిప్పితే కంప్యూటర్ తప్పు అర శాతం లోపే ఉంటుంది నిజమే, కానీ సెట్టింగ్ మారిస్తే అంకె పాతిక శాతం కదులుతున్నప్పుడు ఆ కచ్చితత్వం ఎందుకు?

మీ షీటులో కలిసి కదిలేలా చేయడం కష్టం కాదు. పప్పు ధర తీసిన పేకనే పిక్కల ధరకూ చాలావరకు వాడాలి:

```
B2: =NORM.S.INV(RAND())
C2: =NORM.S.INV(RAND())
D2: =600+48*B2
E2: =10000+1000*(0.85*B2+0.527*C2)
```

D2 పప్పు ధర, E2 బస్తా ధర. 0.527 ఎందుకంటే 1 నుంచి 0.85 వర్గం తీసేసి, మిగిలినదానికి వర్గమూలం కట్టాలి. అలా చేస్తేనే పిక్కల ధర ఊగులాట మొత్తంగా 1,000 దగ్గరే ఉంటుంది. మొత్తం వరసలు కిందికి లాగాక H కాలమ్‌లో ఎన్‌పీవీలు ఉన్నాయనుకుంటే అవకాశం ఇలా వస్తుంది:

```
=COUNTIF(H2:H10001,"<0")/10000
```

ఆ 0.85 నాకెక్కడిదని అడగండి. అది నా అంచనా మాత్రమే. అసలు అంకె మీ ఇంట్లోనే, మీ నాన్నగారి ఖాతా పుస్తకాల్లో ఉంది. గత ఐదారు సీజన్ల నుంచి ప్రతి లాట్ ఏ ధరకు కొన్నారు, దాని పప్పు సగటున ఎంతకు పోయింది అన్నది రాసుకోండి. ఆ రెండు వరసల మీద కోరిలేషన్ కట్టే CORREL ఫార్ములా పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. ధరలను నేరుగా పోల్చొద్దు. రెండు ధరలూ ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చి ఉంటే, సంబంధం ఉన్నా లేకున్నా కోరిలేషన్ ఎక్కువే చూపిస్తుంది. ఒక సీజన్ నుంచి ఇంకో సీజన్‌కి వచ్చిన మార్పుల మీద కట్టండి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే ఇంకా తేలికైన దారి ఉంది. ధరలు రెండూ వదిలేసి, లాట్‌వారీ బస్తా మిగులునే తీసుకుని దాని సగటు, ఊగులాట చూడండి. సంబంధం అందులోనే ఇమిడి ఉంటుంది. పైగా ఏప్రిల్‌లో కొన్న సరుకు సెప్టెంబరులో అమ్మేసరికి ధర జారిన నష్టం కూడా అందులోనే ఉంటుంది. కొన్న రోజు ధరలను అదే రోజు పప్పు ధరలతో పోల్చేవాళ్లకు అది చిక్కదు. చెడ్డ ఏడాది వెనక చెడ్డ ఏడాదే వచ్చిందా, వెంటనే కోలుకున్నారా అన్నదీ ఆ వరసలోనే కనిపిస్తుంది. నేను వేసిన సగం-సగం సరైనదా కాదా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

మీ బావగారి మాటకొస్తాను. ఎన్‌పీవీ సున్నా అంటే మీ నాలుగున్నర కోట్ల మీద ఏటా సరిగ్గా 14 శాతం వచ్చిందని. నెగటివ్ అంటే 14 కన్నా తక్కువ వచ్చిందని. 11 శాతం వచ్చినా షీటు దాన్ని నెగటివ్ కింద లెక్కేస్తుంది. పెట్టిన అసలు కూడా తిరిగి రాకపోవడం వేరే సంగతి. అది జరగాలంటే బస్తా మిగులు పదేళ్ల పాటు సగటున 600 కన్నా తక్కువ ఉండాలి. ధరలు కలిసి కదులుతూ, పదేళ్లకూ ఒకే పేక పడే కఠినమైన లెక్కలో కూడా ఎన్‌పీవీ నెగటివ్ అయ్యేది 27 శాతం, అసలు పోయేది 5 శాతం. బావగారు మునగడం అంటున్నది ఈ 5.

అవకాశం ఒక్కటే చూసి ఊరుకోకూడదు, లోతు కూడా చూడాలి. నా 20 శాతం లెక్కలో, నెగటివ్ పడిన పేకలన్నిటి సగటు మైనస్ 1.1 కోట్లు. పాజిటివ్ పడిన వాటి సగటు ప్లస్ 2.35 కోట్లు. ఈ రెండూ కన్సల్టెంటు చేత రాయించండి, శాతం పక్కనే. అలాగని రిస్కు ఉందని 14ని 18 చేయనివ్వకండి. 14లో రిస్కుకి ఇప్పటికే కొంత వేసుకున్నారు. రేటు పెంచి, మళ్లీ నెగటివ్ శాతం చూసి భయపడితే ఒకే రిస్కుకి రెండుసార్లు జరిమానా కట్టినట్టు. ఇంకొక సంగతి, షీటు మీ ఫ్యాక్టరీ ఎంత చెడ్డ ఏడాదైనా నోరు మూసుకుని 10,000 బస్తాలూ నడుపుతుందని అనుకుంటోంది. మీరు అలా చేయరు. మిగులు లేనప్పుడు కొనడం ఆపి, వేరేవాళ్ల పిక్కలకు జాబ్‌వర్క్ చేస్తారు. అందుకే నిజమైన నష్టం షీటు చూపించే దానికన్నా కాస్త తక్కువే ఉంటుంది.

నాకు టెన్షన్ పుట్టించిన అంకె మీ ఉత్తరంలో ఉంది, రిపోర్టులో లేదు. ఏడాదికి 70 లక్షలు. ఎన్‌పీవీ లెక్కలో వడ్డీని విడిగా తీసేయరు, అది 14 శాతంలోనే కలిసి ఉంటుంది. పద్ధతి సరైనదే. కానీ బ్యాంకు మేనేజరు పదేళ్ల సగటు చూసి ఊరుకోడు, ఆ ఏడాది కిస్తీ అడుగుతాడు. చేతికి 70 లక్షలు రావాలంటే బస్తా మిగులు 1,200 ఉండాలి. కలిసి కదిలే ధరలతో చూసినా ఏదైనా ఒక ఏడాదిలో అది 1,200 కన్నా తగ్గే అవకాశం 23 శాతం. ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ సంబంధం లేదనుకుంటే, మొదటి మూడేళ్లలో కనీసం ఒక్క ఏడాదైనా కిస్తీకి డబ్బు చాలకపోయే అవకాశం సగానికి పైనే. ఉదాహరణకు మొదటి సీజన్‌లో బస్తా 10,000కి కొని నిల్వ పెట్టాక పప్పు 8 శాతం పడిందనుకోండి. ఆ ఏడాది చేతికొచ్చేది 26 లక్షలు. పదేళ్ల ఎన్‌పీవీ మాత్రం ఇంకా 94 లక్షలు ప్లస్‌లోనే ఉంటుంది. కాగితం మీద బాగున్న ఫ్యాక్టరీకి ఆ ఏడాది 44 లక్షలు తక్కువ పడతాయి.

కాబట్టి నా సలహా ఇది. ఈ రిపోర్టుతో బ్యాంకుకి వెళ్లొద్దు. ముందు నాన్నగారి ఖాతాల నుంచి లాట్‌వారీ మిగులు తీసి, దానితో సిమ్యులేషన్ మళ్లీ చేయించండి. ఎన్‌పీవీతో పాటు ప్రతి ఏడాది చేతికొచ్చే డబ్బు 70 లక్షలకు తగ్గే అవకాశాన్ని విడిగా వేయించండి. నెలవారీ స్టాకు లెక్క కూడా అందులో ఉండాలి. కొత్త లెక్కలో నెగటివ్ అవకాశం 25 లోపు వచ్చి, స్టాకు నిజంగానే 2 కోట్లలో ఇమిడితే, నేనైతే ఫ్యాక్టరీకి సరే అంటాను. కానీ అప్పు ఇదే తీరులో తీసుకోను. మొదటి ఏడాది అసలు కట్టకుండా మారటోరియం, కిస్తీలు మరో రెండేళ్లకు సాగదీయడం, ఇంకా ఒక 50 లక్షలు కదపకుండా పక్కన ఉంచుకోవడం, ఈ మూడింటిలో కనీసం రెండు కుదరాలి. బ్యాంకు ఒప్పుకోకపోతే 6,000 బస్తాలతో మొదలుపెట్టే లెక్క వేయించండి. షెడ్డు ఇప్పుడే పూర్తిగా కట్టి, మెషీన్లు సగమే దించితే కిస్తీ ఎంత తగ్గుతుందో చూడండి. ఆ షీటు తయారయ్యాక పంపితే చూస్తాను. ఈసారి నాన్నగారి పుస్తకంలోంచి తీసిన మిగుళ్ల వరస కూడా జతచేయండి.